ఫోటో తీసేశారు, అమ్మ బ్లడ్ రిపోర్టు టైప్ చేసి పెడుతున్నాను – గుణుపూర్

వంశధార_ఒడ్డు (గుణుపూర్)

నిన్న రాత్రి అమ్మ సీబీసీ రిపోర్టు ఫోటో పెట్టాను. పొద్దున చూస్తే తీసేసి ఉంది. సరే, అంకెలు నేనే టైప్ చేస్తున్నాను, చూసి చెప్పండి.

అమ్మకు 46 ఏళ్లు. రెండు మూడు నెలలుగా మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, కాళ్లు లాగుతున్నాయంటుంది. గుణుపూర్ ల్యాబ్‌లోనే చేయించాం. నేను రాయగడలో ఉంటాను, కాగితం ఇంట్లో ఉంది. తమ్ముడు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూసి రాస్తున్నాను.

హిమోగ్లోబిన్ 9.2, ఆర్‌బీసీ 5.60, పీసీవీ 29.9, ఎంసీవీ 65, ఎంసీహెచ్ 20, ఎంసీహెచ్‌సీ 30.8, ఆర్‌డీడబ్ల్యూ 19.4, డబ్ల్యూబీసీ 7800, ప్లేట్‌లెట్లు 4.52.

డాక్టర్ గారు శుక్రవారం వస్తారట. ఈలోగా టెన్షన్ పడాల్సింది ఏమైనా ఉందా?

---

మోడరేటర్

ఫోటో తీసింది నేనే. అందులో అమ్మగారి పూర్తి పేరు, ఫోన్ నంబరు, డాక్టర్ పేరు, పైన క్యూఆర్ కోడ్ అన్నీ కనిపిస్తున్నాయి. పేరు మీద గీత గీసినా క్యూఆర్ వదిలేస్తే లాభం లేదు. కొన్ని ల్యాబ్‌ల కోడ్ స్కాన్ చేస్తే రిపోర్టు మొత్తం పేరుతో సహా తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీరు రాసిన దాంట్లో యూనిట్లు లేవు, ల్యాబ్ వాళ్లు వేసిన నార్మల్ రేంజి లేదు. ఒక్కో పరీక్షకు ఒక్కో లైను కేటాయించి, కాగితం మీద ఉన్న పేరు, విలువ, యూనిట్, రేంజి, పక్కన హెచ్ గానీ ఎల్ గానీ ఉంటే అదీ ఉన్నదున్నట్టు రాయండి. మీరుగా ఏదీ మార్చవద్దు, చుక్క తర్వాతి అంకెలు కుదించవద్దు.

---

కొరాపుట్_కాఫీ (జయపురం)

తమ్ముడూ, డిలీట్ అయిన ఫోటో పోదు. గ్యాలరీలో ట్రాష్ ఫోల్డర్ చూడు, 30 రోజుల వరకు ఉంటుంది. అక్కడ లేకపోతే వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో వెతుకు. నాకూ మొన్న పెళ్లి ఫోటోలు ఇలాగే పోతే అక్కడే దొరికాయి.

---

వంశధార_ఒడ్డు

కాఫీ గారూ, ఫోటో నా ఫోన్‌లోనే ఉందండి. తీసేసింది ఇక్కడినుంచి. అయినా థాంక్స్.

---

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

అందరూ ఫోటో గొడవలో పడ్డారు, ఆ ప్లేట్‌లెట్లు చూశారా? 4.52! మా బావమరిదికి డెంగీ వచ్చినప్పుడు రిపోర్టులో 42 అని ఉంది, అంటే 42 వేలు. దానికే బరంపురం పరుగెత్తుకెళ్లాం. మీ లెక్కన 4.52 అంటే నాలుగున్నర వేలు. శుక్రవారం దాకా ఆగే కేసు కాదిది. ఈ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

---

వంశధార_ఒడ్డు

అన్నా, నిజమా? నాకు చేతులు ఆడటం లేదు. తమ్ముడికి ఫోన్ చేస్తున్నాను.

---

పాత_టెక్నీషియన్ (బరంపురం)

ఆగండాగండి. బండి ఎక్కే ముందు రెండు విషయాలు చూడండి.

అమ్మగారికి పళ్లు తోముకుంటే చిగుళ్లనుంచి రక్తం వస్తోందా? కాళ్ల మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు గానీ, దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు గానీ ఉన్నాయా? అవి ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకుండా ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. లేకపోతే రిపోర్టులో ఆ లైను చివర యూనిట్ ఏం రాసి ఉందో చూడండి.

మహేంద్రగిరి గారు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. యూనిట్ `10^3/µL` అయితే 4.52 అంటే నిజంగానే నాలుగున్నర వేలు, అది ప్రాణం మీదకు వచ్చే అంకె. కానీ మన వైపు ల్యాబ్‌లలో ప్లేట్‌లెట్లను లక్షల్లో రాసే అలవాటు ఇంకా ఉంది. `lakhs/cumm` అని ఉంటే అదే 4.52 నాలుగు లక్షల యాభై రెండు వేలు అవుతుంది. ఒకే అంకెకు రెండు అర్థాలు, మధ్యలో వంద రెట్ల తేడా.

నాకైతే లక్షలనే అనిపిస్తోంది. వేలల్లో ఇచ్చే మెషీన్లు ప్లేట్‌లెట్లను చాలావరకు 42, 180, 452 అని చుక్క లేకుండా ఇస్తాయి. చుక్క తర్వాత రెండంకెలు ఉన్నాయంటే ఎవరో లక్షల్లో రాశారన్నమాట. పైగా నాలుగున్నర వేలు వస్తే ఏ ల్యాబ్ వాడూ కవర్లో పెట్టి చేతికివ్వడు, మళ్లీ రక్తం తీస్తాడు, లేదా డాక్టర్‌కు ఫోన్ చేస్తాడు. కానీ నాకనిపించింది కాదు, కాగితం మీద ఉన్నది చూడండి.

---

వంశధార_ఒడ్డు

`lakhs/cumm` అనే ఉందండి. మచ్చలు, చిగుళ్లనుంచి రక్తం ఏమీ లేవని అమ్మ చెప్పింది. ఊపిరి పీల్చుకున్నాను.

ఈసారి మొత్తం కాగితం మీద ఉన్నట్టే పెడుతున్నాను.

```
Haemoglobin     9.2   g/dL          12.0-15.0   L
RBC Count       5.60  million/cumm  3.8-4.8
PCV             29.9  %             36-46       L
MCV             65.0  fL            83-101      L
MCH             20.0  pg            27-32       L
MCHC            30.8  g/dL          31.5-34.5   L
RDW-CV          19.4  %             11.6-14.0   H
Total WBC       7800  /cumm         4000-10000
Platelet Count  4.52  lakhs/cumm    1.5-4.5     H
```

కింద న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్స్ 29, ఇసినోఫిల్స్ 6, మోనోసైట్స్ 3, బేసోఫిల్స్ 0. అన్నీ శాతాలే.

---

మహేంద్రగిరి

లక్షలైతే మంచిదే. కంగారు పెట్టానేమో గానీ నా స్థానంలో ఎవరున్నా అదే అంటారు. యూనిట్ లేకుండా అంకె పెడితే ఎవరికి తోచిన సున్నాలు వాళ్లు కలుపుకుంటారు మరి.

---

నాగావళి_ఫార్మసీ (రాయగడ)

నేను మందుల షాపులో పదేళ్లుగా ఉన్నాను, ఇలాంటి రిపోర్టులు రోజూ చూస్తాను. దీన్ని మామూలు రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు మింగించకండి.

హిమోగ్లోబిన్ తక్కువ, కణం సగటు సైజు చెప్పే ఎంసీవీ బాగా తక్కువ, కానీ ఆర్‌బీసీ చూడండి, 5.60, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఐరన్ లేకపోతే కణాల సంఖ్య కూడా తగ్గాలి. కణాలు చిన్నవై సంఖ్య ఎక్కువగా ఉంటే అది తలసేమియా ట్రెయిట్, అంటే జబ్బుగా ముదరకుండా వంశంలో వచ్చే లక్షణం. మెంట్జర్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది: ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించాలి. 13 కంటే తక్కువ వస్తే ట్రెయిట్, ఎక్కువ వస్తే ఐరన్ లోపం. ఇక్కడ 65 ÷ 5.60 = 11.6.

హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. అమ్మకు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీకు గానీ తమ్ముడికి గానీ పెళ్లి సంబంధాలు చూస్తుంటే ముందే తెలుసుకోవడం మంచిది.

---

వంశధార_ఒడ్డు

చెల్లికి సంబంధం దాదాపు కుదిరింది అక్కా. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదు.

---

ప్రాణహిత (సిరొంచ)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మా నాన్న సంగతి కూడా ఇలాంటిదే. చంద్రపూర్‌లో చేయిస్తే యూరియా 60 వచ్చింది. నెల తర్వాత గోదావరి దాటి తెలంగాణ వైపు ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 28. సగానికి సగం తగ్గింది, కిడ్నీ బాగుపడిందని మా బాబాయి మిఠాయిలు కూడా పంచాడు. క్రియాటినిన్ మాత్రం అప్పుడూ 1.6, ఇప్పుడూ 1.6. యూరియా అంత తగ్గితే అది కూడా తగ్గాలి కదా? మందు ఆపేయవచ్చా?

---

పాత_టెక్నీషియన్

ప్రాణహిత గారూ, మీ రెండో రిపోర్టులో పేరు సరిగ్గా ఎలా ఉంది? `Urea` అనా, `BUN` అనా?

---

ప్రాణహిత

ఇప్పుడే చూశాను. మొదటి దాంట్లో `Blood Urea`, రెండో దాంట్లో `Blood Urea Nitrogen`. యూనిట్ మాత్రం రెండింట్లోనూ `mg/dL` అనే ఉంది. అందుకే ఒకటే అనుకున్నాం.

---

పాత_టెక్నీషియన్

అదే సంగతి. రెండోది యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. దాన్ని 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. 28 × 2.14 = 59.9. అంటే మీ నాన్నగారి యూరియా ఎక్కడికీ కదల్లేదు, 60 దగ్గరే ఉంది. క్రియాటినిన్ కదలకపోవడం కూడా దానికి సరిపోయింది. మందు ఆపకండి, రెండు కాగితాలూ డాక్టర్‌కు చూపించండి. రెండో రిపోర్టులో రేంజి కూడా చిన్నదిగా ఉంటుంది, చూడండి.

ఇక వంశధార గారి విషయం. చెల్లి సంబంధం సంగతి ఇంట్లో అప్పుడే ఎత్తకండి. మీరు టైప్ చేసిన దాంట్లో ఆర్‌బీసీ లైను నాకు నచ్చలేదు.

మొదట మార్కు చూడండి. రేంజి 3.8 నుంచి 4.8. విలువ 5.60 అయితే పక్కన హెచ్ రావాలి. 4.52 ప్లేట్‌లెట్లు గీతను కాస్తంతే దాటినా దానికి హెచ్ పెట్టిన ల్యాబ్, 5.60కి ఎందుకు పెట్టలేదు?

రెండోది లెక్క. సీబీసీలో అంకెలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మెషీన్ కొన్నిటిని కొలుస్తుంది, మిగతావి వాటినుంచే లెక్కగడుతుంది. అందుకే ఒక్క అంకె తప్పు టైప్ చేసినా మిగతావి దాన్ని పట్టిస్తాయి. మీరు ఇచ్చిన అంకెలతో చూద్దాం.

```
MCV  = PCV ÷ RBC × 10  = 29.9 ÷ 5.60 × 10  = 53.4
MCH  = Hb ÷ RBC × 10   = 9.2 ÷ 5.60 × 10   = 16.4
MCHC = Hb ÷ PCV × 100  = 9.2 ÷ 29.9 × 100  = 30.8
```

ఎంసీవీ 53.4 రావాలి, మీరు రాసింది 65. ఎంసీహెచ్ 16.4 రావాలి, మీరు రాసింది 20. రెండూ కుదరలేదు. మూడోది మాత్రం అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కుదరని రెండింటిలోనూ ఆర్‌బీసీ ఉంది, కుదిరిన దాంట్లో లేదు. అంటే హిమోగ్లోబిన్, పీసీవీ సరిగ్గానే టైప్ చేశారు. తేడా ఆర్‌బీసీలోనే ఉండాలి.

వెనక్కి లెక్క కట్టి చూడండి. 29.9 ÷ 65 × 10 = 4.60. 9.2 ÷ 20 × 10 కూడా 4.60. రెండు దారుల్లో వెళ్లినా ఒకే అంకె వస్తోంది. తమ్ముడిని కాగితం చేతిలో పట్టుకుని ఆ లైను చదవమనండి. ఫోటో చూసి కాదు.

---

వంశధార_ఒడ్డు

4.60 అనే ఉందట! ఆ అంకె మీదుగా కాగితం మడత వెళ్లింది. ఫోటోలో 4 కాస్త 5లాగా కనిపిస్తోంది. మీరు చెప్పాక చూస్తే నాకూ 4 అనే అనిపిస్తోంది గానీ, ముందు వంద సార్లు చూసినా 5 అనే అనుకునేదాన్ని.

---

మహేంద్రగిరి

టెక్నీషియన్ గారూ, మీరు రిపోర్టు చూడకుండానే అంకె చెప్పేశారు. ఇది బాగుంది. మరి ఈ లెక్క అన్ని రిపోర్టులకూ పని చేస్తుందా? మా బావమరిది రిపోర్టు తీసి చూస్తే ఎంసీవీ లెక్కలో 84.3 వచ్చింది, కాగితం మీద 84.1. అది తప్పు రిపోర్టా?

---

పాత_టెక్నీషియన్

కాదు. కాగితం మీద వేసేటప్పుడు ఒక అంకెకు కుదిస్తారు కాబట్టి చుక్క తర్వాత ఆ మాత్రం తేడా మామూలే. 65 ఉండాల్సిన చోట 53 వస్తేనే అనుమానించాలి.

అన్నిటికీ పని చేయదు. ప్లేట్‌లెట్లకు, ఆర్‌డీడబ్ల్యూకు, మొత్తం తెల్ల కణాలకు ఇలాంటి తోడు అంకెలు లేవు. వాటిని తప్పు టైప్ చేస్తే ఏ లెక్కా పట్టుకోదు, మళ్లీ కాగితం చూడటమే. తెల్ల కణాల రకాలన్నీ కలిపితే 100 రావాలి, అది ఒకటి చూడవచ్చు. ఈమెవి 62, 29, 6, 3 కలిపితే సరిగ్గా 100. లివర్ పరీక్షలో టోటల్ బిలిరుబిన్‌లోంచి డైరెక్ట్ తీసేస్తే ఇన్‌డైరెక్ట్ రావాలి. షుగర్, టీఎస్‌హెచ్ లాంటివి ఒంటరి అంకెలు, అక్కడ మీ కళ్లే దిక్కు.

ఇంకో మాట. తప్పు ఎప్పుడూ టైప్ చేసేవాళ్లదే కానక్కర్లేదు. నేను పని చేసిన ఒక చోట మెషీన్ సన్న స్లిప్పు ఇచ్చేది. దాన్ని చూసి ఒక కుర్రాడు కంప్యూటర్‌లో ల్యాబ్ లెటర్‌హెడ్ మీద మళ్లీ కొట్టేవాడు. ముందు పేషెంటు ఫైలే తెరిచి అంకెలు మార్చుకుంటూ పోతాడు కదా, ఒక్కోసారి ఒక అంకె పాతదే ఉండిపోయేది. మగవాళ్ల రేంజి 13-17 ఆడవాళ్ల రిపోర్టులో ఉండిపోవడమైతే ఎన్నిసార్లో. అందుకే రేంజి కూడా టైప్ చేయమని అడిగేది. అది వింతగా ఉంటే మిగతా కాగితాన్నీ కాస్త అనుమానంగా చూడవచ్చు. కాగితమే లెక్క తప్పితే ల్యాబ్‌కు వెళ్లి మెషీన్ స్లిప్పు చూపించమని అడగండి.

---

నాగావళి_ఫార్మసీ

4.60 అయితే 65 ÷ 4.60 = 14.1. సరే, 13 దాటింది, ఐరన్ లోపం వైపే వెళ్తోంది. కణాల సైజుల్లో తేడా చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 19.4 ఉండటం, ప్లేట్‌లెట్లు కొంచెం పెరగడం కూడా ఐరన్ లోపంలో చూస్తూనే ఉంటాం. కానీ హెచ్‌పీఎల్‌సీ మాట నేను వెనక్కి తీసుకోను. మెంట్జర్ ఒక అంచనా మాత్రమే, 14 వచ్చిన వాళ్లలో కూడా ట్రెయిట్ ఉండవచ్చు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

ఇసినోఫిల్స్ 6 ఉన్నాయి కదా, కడుపులో పురుగులుంటే అవి పెరుగుతాయి, నులిపురుగుల సంగతి కూడా డాక్టర్‌ను అడగండి. మా వైపు చెప్పులు లేకుండా పొలంలోకి దిగేవాళ్లలో కొంకి పురుగు రక్తం పీల్చి ఐరన్ తగ్గిస్తుంది.

---

పాత_టెక్నీషియన్

7800లో 6 శాతం అంటే 468. 500 దాటితే ఎక్కువ అంటాం. గట్టుమీదే ఉంది, పురుగులున్నాయనీ చెప్పలేం, లేవనీ చెప్పలేం. మల పరీక్ష చవకే, చేయించుకోమనండి. నెలసరి ఎక్కువగా అవుతోందా అన్నది కూడా అడగాలి. 46 ఏళ్ల ఆవిడకు ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

---

వంశధార_ఒడ్డు

అది అవునండి. రెండేళ్లుగా ఎక్కువే. ఎనిమిది రోజుల దాకా ఉంటోందని అమ్మ ఎప్పుడూ డాక్టర్‌తో చెప్పలేదు. మగ డాక్టర్ అని.

---

నాగావళి_ఫార్మసీ

మరి చెప్పాలి కదమ్మా! ఎన్ని మాత్రలు వేసినా అటు కారిపోతుంటే నిలుస్తుందా? లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, స్కాన్ కూడా అడుగుతారు.

---

కొరాపుట్_కాఫీ

నాకో సందేహం. ఇంత టైప్ చేసి, ఒక అంకె తప్పు పడి, ఆ అంకె వల్ల పెళ్లి దాకా వెళ్లింది కథ. ఫోటోనే ఉంచి ఉంటే టెక్నీషియన్ గారు మొదటి రోజే చూసి చెప్పేవారు కదా? రూలు వల్ల లాభమా, నష్టమా?

---

మోడరేటర్

ఫోటోలో కూడా ఆ అంకె మీద మడత ఉంది కాఫీ గారూ, చూసినవాళ్లకూ 5 లాగే కనిపించేది. రూలు మారదు. మన జిల్లాల్లో ఒక ఊరి పేరు, ఒక ఇంటిపేరు కనిపిస్తే చాలు, మనిషెవరో తెలిసిపోతుంది. ఇప్పుడీ థ్రెడ్‌లో పెళ్లి సంబంధం మాట కూడా వచ్చింది. ఆ ఫోటో ఉండి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

---

పాత_టెక్నీషియన్

పేరు ఉండకూడదన్నది ఒప్పుకుంటాను. కానీ పట్టిక వరకు మాత్రమే కత్తిరించి పెడితే ఏమవుతుంది? టైపింగ్‌లో చుక్క జారుతుంది, లైను జారుతుంది. ఎంసీహెచ్ విలువ ఎంసీహెచ్‌సీ పక్కన పడటం నేనే ఎన్నోసార్లు చూశాను. కత్తిరించిన పట్టిక, దాని కింద టైప్ చేసిన అంకెలు, రెండూ ఉంటే చూసేవాళ్లకు సుఖం.

---

మోడరేటర్

కత్తిరించామనుకుని మూల క్యూఆర్ వదిలేసినవి వారానికి ఒకటైనా వస్తోంది. ప్రస్తుతానికి టైపింగే. మిగతా మోడరేటర్లతో మాట్లాడతాను.

---

మహేంద్రగిరి

అలా అయితే ఇంకో పని చేయవచ్చు. ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, ఇంకొకరు టైప్ చేసింది చూస్తూ సరిపోల్చుకోవాలి. మా నాన్న సహకార బ్యాంకులో ఉండేవాడు, లెడ్జర్లన్నీ అలాగే చూసేవారు. "నాలుగు పాయింట్ ఆరు సున్నా" అని ఒక్కో అంకె విడివిడిగా పలకాలి. "నాలుగున్నర", "అరవై ఐదు చిల్లర" అంటే కుదరదు.

---

వంశధార_ఒడ్డు

శుక్రవారం డాక్టర్ గారికి చూపించాం. ఫెరిటిన్ చేయించమన్నారు. మహేంద్రగిరి గారు చెప్పినట్టే తమ్ముడు కాగితం చూసి చదివాడు, నేను టైప్ చేశాను, మళ్లీ నేను చదివితే వాడు చూశాడు.

```
Serum Ferritin  6.1  ng/mL  13-150  L
```

ఐరన్ మాత్రలు రాశారు. నెలసరి సంగతి అమ్మే చెప్పింది ఈసారి, పర్లాకిమిడిలో లేడీ డాక్టర్‌కు రాసిచ్చారు. హెచ్‌పీఎల్‌సీ అడిగితే ఇప్పుడే వద్దు, తర్వాత చూద్దాం అన్నారు. ఎందుకో చెప్పలేదు, బయట జనం చాలామంది ఉన్నారు.

---

పాత_టెక్నీషియన్

6.1 అంటే ఐరన్ నిల్వ ఖాళీ అని అర్థం. ఇక అందులో సందేహం లేదు. ఒంట్లో జ్వరం గానీ వాపు గానీ ఉంటే ఫెరిటిన్ పైకి వెళ్లి మోసం చేస్తుంది, కానీ తక్కువగా వచ్చి మోసం చేయదు.

హెచ్‌పీఎల్‌సీ తర్వాత అన్నదానికి కారణం ఉంది. బీటా తలసేమియా ట్రెయిట్‌ను హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం పెరగడాన్ని బట్టి పట్టుకుంటారు. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆ ఏ2 కూడా తగ్గుతుంది. అప్పుడు ట్రెయిట్ ఉన్నవాళ్లకు కూడా నార్మల్ అని వచ్చే ప్రమాదం ఉంది. ముందు ఐరన్ నింపి, హిమోగ్లోబిన్ పెరిగాక చేయిస్తే డబ్బు వృథా కాదు. మాత్రలు బాగా వాడినా ఎంసీవీ అక్కడే మొండికేస్తే అప్పుడు తప్పకుండా చేయించాలి.

---

నాగావళి_ఫార్మసీ

మీరన్నది తలసేమియాకు సరిపోతుంది. మా రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది కదా. దానికి కారణమైన హెచ్‌బీఎస్ ఉంటే ఐరన్ తక్కువున్నా గ్రాఫులో కనిపిస్తుంది. శాతం కొంచెం తగ్గుతుందేమో గానీ మాయమైపోదు. సంబంధం కుదిరిన ఇంట్లో మూడు నెలలు ఆగమంటే ఎవరాగుతారు? నేనైతే ఇప్పుడొకసారి, తర్వాత ఒకసారి చేయించమంటాను.

---

పాత_టెక్నీషియన్

పెళ్లి కోసమే అయితే చేయించాల్సింది చెల్లికి, అమ్మకు కాదు. ఆ అమ్మాయి సీబీసీ ముందు చూడండి. ఎంసీవీ, ఎంసీహెచ్ బాగుంటే బీటా ట్రెయిట్ అనుమానం చాలావరకు తగ్గుతుంది. సికిల్ సంగతి వేరు, ట్రెయిట్ ఉన్నా సీబీసీ మామూలుగానే ఉండవచ్చు. దానికి హెచ్‌పీఎల్‌సీయో, కనీసం సాల్యుబిలిటీ పరీక్షో కావాలి. ఆ మాట వరకు మీతో ఏకీభవిస్తాను.

---

ప్రాణహిత

మా గడ్చిరోలి వైపు స్కూల్లోనే ఆ సాల్యుబిలిటీ పరీక్ష చేశారు మా పిల్లలకు. కార్డు ఇచ్చారు. అది చాలదా?

---

నాగావళి_ఫార్మసీ

అది ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. పాజిటివ్ వస్తే ట్రెయిటా, జబ్బా అన్నది తేల్చదు. నెగటివ్ వచ్చిన కార్డయితే భద్రంగా దాచుకోండి. కానీ మీ పిల్లల సంగతికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

---

వంశధార_ఒడ్డు

చెల్లికి సీబీసీ రేపు చేయిస్తున్నాం. అమ్మతో "నీకు తోడుగా" అని చెప్పి ఒప్పించాం. రాగానే లైను లైనుగా పెడతాను. ఈసారి కాగితం మడత పెట్టకుండా తెమ్మని తమ్ముడికి చెప్పాను.